చలి పాత్రల చరిత్ర – 5: కరీంనగర్ క్యానులో కోపెన్‌హాగెన్ లెక్క

కరీంనగర్‌లో పశుగణాభివృద్ధి సంస్థవారి ఘనీకృత వీర్య కేంద్రం ఉంది. మేలుజాతి ఆబోతుల, దున్నల వీర్యాన్ని అక్కడ పావు మిల్లీలీటరు పట్టే సన్నని స్ట్రాలలో నింపి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి నిల్వచేస్తారు. అక్కడి నుంచి పశువైద్యశాలలకూ, ఊరూరా తిరిగే గోపాలమిత్రలకూ స్ట్రాలు చేరతాయి. ఆదిలాబాద్ వైపు ఏ ఉట్నూరులోనో కెరమెరిలోనో ఒక బర్రె ఎదకొచ్చిందంటే, దాని దగ్గరికి స్ట్రా చేరేదాకా ఎక్కడా చలి గొలుసు తెగకూడదు. నైట్రోజన్ సున్నాకు దిగువన 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది. బయట మే నెలలో ఆదిలాబాద్ ఎండ 45 డిగ్రీలు. ఈ రెండింటి మధ్య ఉన్నది అల్యూమినియం గోడలు రెండు, వాటి నడుమ మూడు నాలుగు వేళ్ల సందు, ఆ సందులో గాలి లేని శూన్యం.

గాలి తీసేస్తే వేడి గాలిమీద ఎక్కి రాలేదు. గోడలు ఒకదానికొకటి తగలవు కాబట్టి, మెడ దగ్గర తప్ప, లోహం గుండా పాకనూ లేదు. ఇక మిగిలిన దారి వికిరణం. దానికి మధ్యలో ఏ పదార్థమూ అక్కర్లేదు, శూన్యం దానికి రాజబాట. ఒక గోడ లోపల ఇంకో గోడ ఉన్నప్పుడు, రెండింటి ఉపరితలాలూ రెండు రకాలుగా ఉన్నప్పుడు, ఈ దారిన ఎంత వేడి లోపలికి వస్తుంది? ఈ భాగం కథంతా ఆ ఒక్క ప్రశ్నది.

గోళంలో గోళం పెట్టి వేడిని కొలిచిన తొలి ఘనులు ఫ్రాన్స్‌కు చెందిన దులాంగ్, పెటిట్. 1817 ప్రాంతంలో వారు లోపల మసి పూసిన రాగి గోళంలోంచి గాలి లాగేసి, వేడెక్కించిన థర్మామీటరు బల్బును నడిమధ్యన నిలిపి, అది ఎంత త్వరగా చల్లారుతుందో చూశారు. గాజు బల్బుకు వెండి పూత వేసి మళ్లీ చూశారు. చల్లారే వేగం ఐదు రెట్లకు పైగా పడిపోయింది. బల్బు లోపలి పాదరసం మారలేదు, చుట్టూ ఉన్న గోళం మారలేదు, మారింది పైతోలు ఒక్కటే. ఈనాడు ఉద్గారత అని మనం చెప్పుకునే గుణం ఇదే. నల్లటి వస్తువు ఆ ఉష్ణోగ్రత దగ్గర వెదజల్లగలిగినదానిలో ఎన్నో వంతును ఈ ఉపరితలం వెదజల్లుతుందో చెప్పే సంఖ్య. మసికి అది ఒకటికి దగ్గర, మెరుగుపెట్టిన అల్యూమినియానికి నూటికి మూడో, ఐదో, పదో పాళ్లు. వెదజల్లడంలో పిసినారి అయిన ఉపరితలం, మీద పడ్డదాన్ని పీల్చుకోవడంలోనూ అంతే పిసినారి అని 1859లో కిర్కాఫ్ తేల్చాడు.

దులాంగ్, పెటిట్ అంకెలనుంచి వాళ్లు తీసిన సూత్రం నిలవలేదు. అరవై ఏళ్ల తర్వాత, 1879లో, వియన్నాలో జోసెఫ్ స్టెఫాన్ అవే అంకెలను మళ్లీ ముందేసుకున్నాడు. గోళంలో కాస్త గాలి మిగిలి ఉండి వేడిని మోసిందని గ్రహించి, దాని వాటా తీసేసి చూస్తే, వికిరణం పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతోందని తేలింది. 1884లో బోల్ట్‌జ్‌మన్ దానికి సిద్ధాంత బలం చేకూర్చాడు. ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో దొరుకుతుంది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా పేరు చెప్పకుండా దాటేసేది తర్వాతి అడుగు.

అది 1883. ఆ ఏడాది ఏప్రిల్‌లో పోలండ్‌లోని క్రాకోలో వ్రోబ్లెవ్‌స్కీ, ఓల్షెవ్‌స్కీ ఆక్సిజన్‌నూ, ఆ వెంటనే నైట్రోజన్‌నూ గాజుగొట్టంలో ద్రవంగా నిలబెట్టి చూశారు. కిందటి భాగంలో మనం ఆగింది అక్కడే. అదే ఏడాది కోపెన్‌హాగెన్‌లో క్రిస్టియాన్ క్రిస్టియాన్‌సెన్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక జర్మన్ పత్రికలో, లోహాల ఉద్గారతను కొలిచే పద్ధతి మీద వ్యాసం రాశాడు. నీల్స్ బోర్‌కు తర్వాతి కాలంలో గురువైన వాడితడే. చలి పాత్రలు అతని మనసులో లేవు. కొలతకు కావలసిన లెక్కగా, మూసిన గుల్లలో మరో వస్తువు ఉన్నప్పుడు రెండింటి మధ్య వేడి ఎంత మారుతుందో అతను రాసుకున్నాడు. నైట్రోజన్ ద్రవమైన ఏడాదే, దాన్ని నిల్వచేసే పాత్ర లెక్కా పుట్టింది. ఒకరి పని ఇంకొకరికి అక్కరకు వస్తుందని క్రాకోలోనూ కోపెన్‌హాగెన్‌లోనూ ఎవరూ అనుకోలేదు.

క్రిస్టియాన్‌సెన్ సూత్రం నేటి రూపంలో ఇది:

Q = σ A₁ (T₂⁴ − T₁⁴) / [ 1/ε₁ + (A₁/A₂)(1/ε₂ − 1) ]

1 అంటే లోపలి గోడ, 2 అంటే బయటి గోడ. A వైశాల్యం, T పరమ ఉష్ణోగ్రత, ε ఉద్గారత, σ స్టెఫాన్ పేరిట ఉన్న స్థిరాంకం. పైనున్నది, రెండు గోడలూ మసిలా నల్లగా ఉంటే వచ్చే వేడి. కింద బ్రాకెట్లో ఉన్నది ఆ వేడి దాటవలసిన అడ్డంకుల మొత్తం. చూడవలసింది ఆ అడ్డంకుల తీరునే. లోపలి గోడ వంతు పూర్తిగా లెక్కకు వస్తుంది. బయటి గోడ వంతు మాత్రం A₁/A₂ అనే భిన్నంతో తగ్గి వస్తుంది. ఈ వివక్ష ఎందుకు?

లోపలి గోళం నుంచి బయలుదేరిన కిరణం ఎటు పోయినా బయటి గోడనే తాకుతుంది, వేరే దిక్కు లేదు. బయటి గోడ నుంచి బయలుదేరిన కిరణం అలా కాదు. కొంత లోపలి గోళాన్ని తాకితే, కొంత దాన్ని తప్పించుకుని బయటి గోడ మీదే మరోచోట పడుతుంది. లోపలి గోళాన్ని తాకే వంతు సరిగ్గా A₁/A₂. తప్పిపోయిన కిరణాలు గుల్లలో తిరిగి తిరిగి, తాకిన ప్రతిసారీ కొంత పీల్చబడుతూ, గుల్లను దాని సొంత ఉపరితలం కన్నా నల్లగా చేస్తాయి. చిన్న కిటికీ ఉన్న గది బయటి నుంచి చూస్తే చీకటిగా కనబడేది ఇందుకే. బయటి గోళం ఎంత పెద్దదైతే దాని మెరుగు అంత నిష్ఫలం. దులాంగ్, పెటిట్‌ల లాంటి అమరికలో బల్బు వ్యాసం గోళం వ్యాసంలో ఐదో వంతు ఉందనుకుంటే, A₁/A₂ ఇరవై ఐదో వంతే. అక్కడ వెండి పూసిన బల్బుకైతే, బయటి గోళానికి మసి పూసినా, మెరుగుపెట్టినా తేడా స్వల్పం. గోడలు దగ్గర దగ్గరగా ఉంటే ఆ భిన్నం ఒకటికి చేరి, రెండు గోడలకూ సమాన హక్కు వస్తుంది. గోళాలకు ఈ భిన్నం వ్యాసార్ధాల నిష్పత్తి వర్గం. నైట్రోజన్ ట్యాంకర్ల లాంటి పొడవాటి స్తూపాలకు వర్గం ఉండదు, నిష్పత్తి మాత్రమే. అందుకే అదే సందు ఉన్న స్తూపంలో బయటి గోడ మాటకు గోళంలో కన్నా కాస్త ఎక్కువ విలువ.

సూత్రాన్ని పాత్రగా మార్చినవాడు జేమ్స్ డ్యూయర్. 1892లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రెండు గోడల గాజు పాత్ర చేసి, సందులోంచి గాలి లాగేశాడు. ద్రవవాయువులు ఆవిరయ్యే వేగం ఐదో వంతుకు పడింది. అప్పుడతను సందులో కాస్త పాదరసపు ఆవిరి మిగిల్చాడు. లోపల ద్రవం పోయగానే అది చల్లటి గోడ మీద పేరుకుని అద్దమైంది. ఆ తర్వాత వెండి పూత వచ్చింది. వట్టి గాలి సందుతో పోలిస్తే నష్టం మొత్తమ్మీద ముప్పయ్యో వంతు దగ్గరికి వచ్చింది. డ్యూయర్ పేటెంట్ తీసుకోలేదు. జర్మనీలో రైన్‌హోల్డ్ బర్గర్ అదే పాత్రను థర్మోస్‌గా అమ్మి సొమ్ము చేసుకున్నాడు. పేటెంటు మీద డ్యూయర్‌కు జరిగిన అన్యాయం గురించి చాలామంది రాశారు. నాకు మాత్రం ఆ పాదరసపు అద్దం చల్లటి లోపలి గోడ మీదే ఏర్పడడం ఎక్కువ ఆసక్తికరం. సూత్రం ఎక్కడ మెరుగు కోరుతుందో అది సరిగ్గా అక్కడే పడింది.

ఇప్పుడు కరీంనగర్ వైపు వద్దాం. పశువైద్యశాలల్లో 35 లీటర్ల కంటైనర్ మామూలే. మన దేశంలో ఇవి నాసిక్‌లో కర్మాగారం ఉన్న ఐబీపీ సంస్థ పేరుతో చిరపరిచితం. ఆ సంస్థ 2007లో ఇండియన్ ఆయిల్‌లో కలిసింది. లెక్క తేలికగా సాగడానికి కంటైనర్‌ను గోళం అనుకుందాం. లోపలి వ్యాసార్ధం 20 సెంటీమీటర్లు, అంటే 33 లీటర్లు పైచిలుకు పడుతుంది. బయటి వ్యాసార్ధం 23. లోపలి వైశాల్యం అర చదరపు మీటరు, A₁/A₂ సుమారు 0.756. లోపల 77 కెల్విన్లు. బయట 35 డిగ్రీలు, అంటే 308 కెల్విన్లు.

రెండు గోడలూ నల్లగా ఉంటే లోపలికి వచ్చే వేడి 255 వాట్లు. ఒక లీటరు ద్రవ నైట్రోజన్ ఆవిరి కావడానికి సుమారు 160 కిలోజౌళ్లు కావాలి. అంటే ఒక వాట్ వేడి రోజంతా చొరబడితే అర లీటరు పైచిలుకు పోతుంది. 255 వాట్లకు రోజుకు 137 లీటర్లు. నిండు కంటైనర్ ఆరు గంటల్లో ఖాళీ! గాలి ఎంత శుభ్రంగా తీసినా ఇదే గతి. శూన్యం ఒక్కటే చాలదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

లోపలి గోడ మీద మంచి మెరుగుపెట్టి ఉద్గారత 0.03 చేశామనీ, బయటి గోడ అంత బాగా కుదరక 0.10 దగ్గర ఆగిందనీ అనుకుందాం. అడ్డంకులు: లోపలి గోడది 33.3, బయటి గోడది 0.756 × 9, అంటే 6.8. మొత్తం 40. వేడి 6.4 వాట్లకు దిగింది, నష్టం రోజుకు 3.4 లీటర్లు. అవే రెండు గోడల్ని తారుమారు చేసి మెరుగైనదాన్ని బయట పెడితే? అడ్డంకులు 10, 24.4, మొత్తం 34.4. వేడి 7.4 వాట్లు, నష్టం 4 లీటర్లు. లోహం అదే, మెరుగు అదే, శ్రమ అదే. ఏది ఎక్కడ ఉందన్న ఒక్క మాటకే రోజుకు అర లీటరు పైగా తేడా.

పాతబడే తీరులోనూ ఈ వివక్ష కనబడుతుంది. బయటి గోడ ఉద్గారత మూడింతలై 0.30 అయినా నష్టం 3.4 నుంచి 3.9 లీటర్లకే పెరుగుతుంది. లోపలి గోడ ఉద్గారత అదే మూడింతలై 0.09 అయితే ఒక్కసారిగా 7.7 లీటర్లు. చిక్కేమిటంటే, చెడే అవకాశం ఎక్కువున్నది కూడా లోపలి గోడకే. సందులో మిగిలిన తేమ ఎక్కడ చల్లగా ఉంటే అక్కడే గడ్డకడుతుంది. కంటికి ఆనని కొన్ని మైక్రాన్ల మంచుపొర చాలు. 35 డిగ్రీల గోడ వెదజల్లే కిరణాల తరంగదైర్ఘ్యం 9, 10 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, ఆ కిరణాలను మంచు బాగా పీల్చుకుంటుంది. మనకంటికి పారదర్శకంగా, కింద లోహం తళతళలాడుతూ కనబడే పొర ఆ కిరణాలకు నల్లటి పూత. అందుకే తయారీలో గోడలను వేడిచేస్తూ రోజుల తరబడి గాలి లాగుతారు. మిగిలే వాయువును పట్టుకోవడానికి లోపలి గోడకు బొగ్గులాంటి శోషకాన్ని కూడా అంటిస్తారు.

క్రిస్టియాన్‌సెన్ లెక్కలో ఒక ఊహ ఉంది. గోడ మీద పడ్డ కిరణం గరుకు సున్నపు గోడ మీద వెలుగులా అన్ని దిక్కులకూ చెదురుతుందని అతను అనుకున్నాడు. మెరుగుపెట్టిన లోహం అలా చెదరగొట్టదు, అద్దంలా తిప్పికొడుతుంది. 1929లో ఇంగ్లండ్‌లో సాండర్స్ ఈ సంగతి ఎత్తి చూపాడు. బయటి గోడ అద్దమైతే, లోపలి గోళం నుంచి వచ్చిన కిరణం దాన్ని తాకి మళ్లీ లోపలి గోళం మీదికే తిరిగి వస్తుంది, గుల్లలో తప్పిపోవడం ఉండదు. అప్పుడు సూత్రంలోంచి A₁/A₂ మాయమవుతుంది. మన కంటైనర్‌కు అడ్డంకి 33.3 + 9, అంటే 42.3. వేడి 6 వాట్లు. గోడల్ని తారుమారు చేసినా అంతే. నిజమైన కంటైనర్ గోడ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. మెరుగైన గోడ లోపల ఉంటే మన కొలతలకు రెండు సూత్రాల తేడా ఆరు శాతం లోపే కాబట్టి క్యాను చేసేవాడికి ఇది తలనొప్పి కాదు. కానీ సందు వెడల్పయ్యే కొద్దీ తేడా పెరుగుతుంది. ఏ సూత్రం వాడానో చెప్పకుండా లెక్క ముందుంచడం సరి కాదు.

ఎంత మెరుగు పెట్టినా రోజుకు మూడు లీటర్లు పోయే కంటైనర్ ఆదిలాబాద్ జిల్లాకు పనికిరాదు. నింపిన పది రోజులకే ఎండిపోతుంది. 1950ల మొదట్లో స్వీడన్‌లో పీటర్సన్ చూపిన దారి ఇక్కడ అక్కరకు వచ్చింది. గోడల మధ్య మూడో గోడ పెట్టడం, దాన్ని దేనికీ తగలకుండా వదిలేయడం. మన గోళంలో 21.5 సెంటీమీటర్ల దగ్గర రెండు వైపులా 0.03 ఉద్గారత ఉన్న పలుచని అల్యూమినియం రేకును వేలాడదీద్దాం. దాన్ని ఎవరూ చల్లబరచరు, వేడి చేయరు. బయటి నుంచి వచ్చేదీ లోపలికి పోయేదీ సమానమయ్యే చోట అది తనంతట తాను కుదురుకుంటుంది. లెక్కవేస్తే అది సున్నాకు పైన ఒకటి రెండు డిగ్రీల దగ్గర. ఒక పక్క మండుటెండ, ఇంకో పక్క మైనస్ 196, మధ్యలో రేకు మాత్రం ఫ్రిజ్ చలి! వేడి ఇప్పుడు రెండు సందులు దాటాలి. అడ్డంకులు 40 నుంచి 97కు పెరుగుతాయి. నష్టం రోజుకు 1.4 లీటర్లు. మరో రేకు, ఇంకో రేకు... ఇలా పదుల సంఖ్యలో.

కాగితం మీద ఈ లెక్క నష్టాన్ని సున్నాకు తీసుకుపోయేలా ఉంటుంది. రేకులు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గాజుపీచు కాగితం వేయాలి, ఆ పీచు గుండా కొంచెం వేడి పాకుతుంది. ఎక్కువ పొరలు వేద్దామని బిగించి చుడితే తగులుళ్లు పెరిగి అసలుకే మోసం. మంచి చేతిపనితో చుట్టిన కవచం గుండా కూడా చదరపు మీటరుకు ఒక వాట్ అటూ ఇటూ వస్తూనే ఉంటుంది. మన అర చదరపు మీటరుకు అర వాట్, అంటే రోజుకు పావు లీటరు పైచిలుకు. దానికి మెడ గుండా వచ్చేది కలుస్తుంది. ఆరు గంటల పాత్ర ఇలా నెలల పాత్రైంది.

గోపాలమిత్ర బండికి కట్టుకుని తిరిగే 3 లీటర్ల క్యానుకు ఇదే కవచం చుట్టినా ఫలితం ఇంత బాగుండదు. 9 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న గోళంలో ఒక్కో లీటరుకు వచ్చే గోడ వైశాల్యం పెద్ద కంటైనర్‌కు రెండింతలు పైనే. పైగా దాని మెడ వాటా ఎక్కువ, రోజూ మూత తీయాలి. అది బండి మీద ఎండలో ఉండి బయటి గోడ 60 డిగ్రీలకు వేడెక్కితే, నీడలో 35 డిగ్రీల దగ్గర వచ్చే వికిరణం మీద మరో మూడో వంతు పైన వచ్చి చేరుతుంది. క్యాను మీద తడి గోనెసంచి కప్పుకునేవాళ్లు నాలుగో ఘాతాన్నే తగ్గిస్తున్నారు.

ఇక కంటైనర్ చెడిందో లేదో ఎలా తెలుసుకోవాలి? శూన్యం పూర్తిగా పోతే చెప్పే పనే లేదు. బయటి గోడ చెమర్చి మంచు కడుతుంది, నైట్రోజన్ గంటల్లో పోతుంది, స్ట్రాలు వెంటనే మరో కంటైనర్‌కు మార్చాలి. మెల్లగా చెడేది కనిపెట్టడమే కష్టం. కొలిచే కర్ర ముంచి, తీసి, మంచు పట్టినమేర చూసి మట్టం రాసుకుంటే కొంత తెలుస్తుంది. తూకం వేసి రాసుకుంటే ఇంకా నయం. లీటరు నైట్రోజన్ సుమారు 0.8 కిలోలు తూగుతుంది. అయితే ఆదిలాబాద్‌లో జనవరి లెక్కా, మే లెక్కా ఒక్కలా ఉండవు. అక్కడ చలికాలం తెల్లవారుజామున 5 డిగ్రీలకు దిగే రోజులున్నాయి. మే నష్టం ఎక్కువుందని కంటైనర్‌ను తప్పుపట్టడానికి ముందు, ఎండ వల్ల ఎంత పెరగాలో తెలియాలి.

గది సగటు ఉష్ణోగ్రత జనవరిలో 20 డిగ్రీలు, మేలో 36 అనుకుందాం. వేడంతా మెడ గుండానే, పీచు గుండానే పాకి వచ్చేదైతే, అది ఉష్ణోగ్రత తేడాను బట్టి పెరుగుతుంది. 216 నుంచి 232కు, అంటే ఏడు శాతం. వేడంతా వికిరణమే అయితే నాలుగో ఘాతం లెక్కన 24 శాతం. నిజమైన కంటైనర్‌లో రెండూ కలిసే ఉంటాయి. కాబట్టి మూత తీసే అలవాటు మారకపోతే, ఆరోగ్యంగా ఉన్న కంటైనర్ మే నెలలో జనవరి కన్నా ఏడు నుంచి ఇరవై నాలుగు శాతం మధ్య ఎక్కువ తాగాలి. జనవరిలో రోజుకు 0.30 లీటర్లు పోయినది మేలో 0.37 దాకా పోవచ్చు, అది ఎండ తప్పు. 0.60 పోతుంటే ఏ ఎండా దానికి బాధ్యత వహించదు. సందులోకి గాలి చేరింది, నాసిక్‌కు పంపవలసిన కేసు అది.

(వచ్చే భాగం: మెడ ఎందుకు అంత సన్నగా, పొడవుగా ఉంటుంది?)